1.49 శాతంలో మనకు మిగిలేది ఎంత?

ఒకే కంపెనీ బాండ్లు రెండు మార్కెట్లో ఉన్నాయనుకుందాం. రేటింగ్ ఒకటే, వడ్డీ ఏటా 8 శాతమే, రెండూ రెండేళ్లలో తీరిపోయేవే. మొదటిది మామూలు బాండు, దాని ధర 101 రూపాయల 2 పైసలు. రెండోదానికి ఒక షరతు ఉంది. ఏడాది తిరగ్గానే కంపెనీ తనకు కావాలనుకుంటే 100 రూపాయలు చేతిలో పెట్టి బాండును వెనక్కి తీసేసుకోవచ్చు. దీని ధర 100 రూపాయల 50 పైసలు, అంటే 52 పైసలు చవక. డీలరు తెర మీద ఈ రెండింటి పక్కన చెరొక అంకె కనిపిస్తుంది. మొదటిదాని జెడ్-స్ప్రెడ్ 1.20 శాతం, రెండోదానిది 1.49 శాతం. ప్రభుత్వ బాండ్ల కంటే ఏటా అంత ఎక్కువ వస్తుందని దాని అర్థం.

కంపెనీ ఒకటే కాబట్టి అది ఎగ్గొట్టే భయమూ ఒకటే. అలాంటప్పుడు ఎక్కువ ఇచ్చేదాన్ని కొనడమే తెలివనిపిస్తుంది. కానీ ఆ 1.49లో కొంత భాగం మనం ఇచ్చిన సరుకుకు కంపెనీ కట్టిన వెల. ఆ సరుకు పేరు కాల్ ఆప్షన్. దాని వెల తీసేశాక ఎంత మిగిలిందో చెప్పే రెండో కొలత ఉంది. దాన్ని ఆప్షన్ అడ్జస్టెడ్ స్ప్రెడ్ అంటారు, పొట్టిగా ఓఏఎస్. ఈ రెండు కొలతలకీ తేడా ఎక్కడ పుడుతుందో చూడటానికి పై బాండునే చివరిదాకా లెక్క కడదాం. కాగితం మీద చేత్తో వేసుకునేంత చిన్న లెక్కగా ఉండాలని ఈ అంకెలు నేనే పెట్టాను. పెద్ద బాండ్లకు కంప్యూటర్లు చేసేదీ ఇదే పని, మెట్లు మాత్రం ఎక్కువ.

ముందు ఆ షరతు సంగతి. ఇంటి లోను తీసుకున్నవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. రేట్లు తగ్గితే పాత బ్యాంకు లోను తీర్చేసి తక్కువ వడ్డీకి ఇచ్చే బ్యాంకుకు మారతాం. రేట్లు పెరిగితే కదలం, పాత రేటు మీదే హాయిగా కూర్చుంటాం. కాల్ ఉన్న బాండులో ఆ సౌకర్యం కంపెనీది, బ్యాంకు స్థానంలో ఉన్నది మనం. మన దేశంలో ప్రభుత్వమే ఇలాంటి బాండు ఒకటి తెచ్చింది. 2002 జులై 18న పదేళ్ల గడువుతో 6.72 శాతం బాండు జారీ చేసి, ఐదేళ్ల తర్వాత ప్రతి వడ్డీ తేదీనా ముఖవిలువకు వెనక్కి తీసుకునే హక్కు తన దగ్గర పెట్టుకుంది. అదే తేదీల్లో అదే ధరకు తిరిగి అప్పగించే హక్కును కొన్నవాళ్లకూ ఇచ్చింది కాబట్టి ఆ బేరంలో రెండు పక్కలా ఆప్షన్ ఉంది. మన కంపెనీ బాండులో ఉన్నది ఒకవైపు హక్కే, అదీ కంపెనీ చేతిలోనే.

ఇప్పుడు జెడ్-స్ప్రెడ్. చాలామంది సులువు దారి ఒకటి పడతారు. బాండు మొత్తం రాబడిలోంచి అదే గడువున్న ప్రభుత్వ బాండు రాబడి తీసేసి, వచ్చిన తేడానే స్ప్రెడ్ అంటారు. ఇందులో చిక్కేమిటంటే, ఏడాది తర్వాత వచ్చే 8 రూపాయలకూ రెండేళ్ల తర్వాత వచ్చే 108 రూపాయలకూ ఒకే రేటు వాడినట్టవుతుంది. ప్రభుత్వం ఏడాది అప్పుకు ఒక రేటు, రెండేళ్ల అప్పుకు ఇంకో రేటు ఇస్తుంది. మధ్యలో వడ్డీలు లేకుండా చివర్లో ఒక్కసారే డబ్బు ఇచ్చే బాండుకు ఎంత రేటు పలుకుతుందో దాన్ని స్పాట్ రేటు అంటారు. మన దేశంలో ఈ రేట్ల పట్టికను ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటిస్తుంది. మన ఉదాహరణలో ఏడాది స్పాట్ రేటు 6 శాతం, రెండేళ్లది 6.24 శాతం అనుకుందాం. జెడ్-స్ప్రెడ్ కనుక్కోవడమంటే, ప్రతి తేదీకి దాని సొంత స్పాట్ రేటు తీసుకుని, అన్నిటికీ ఒకే అంకె కలిపి, వచ్చే డబ్బంతటినీ ఈ రోజు విలువకు దించడమే. ఆ మొత్తం మార్కెట్ ధరకు సరిగ్గా సమానమయ్యేదాకా ఆ అంకెను అటూఇటూ జరపాలి.

```
8/(1.06 + Z) + 108/(1.0624 + Z)^2 = 100.50
```

Z స్థానంలో 0.0149 పెట్టి చూడండి. మొదటి ముక్క 7.44, రెండోది 93.06, కలిపితే 100.50. అదే 1.49 శాతం.

లెక్కలో తప్పేమీ లేదు. కానీ రెండో ముక్క మీద ఒకసారి ఆగి చూడాలి. రెండేళ్ల తర్వాత 108 వస్తుందని అక్కడ రాశాం. మామూలు బాండుకైతే అది ఒప్పందం, కంపెనీ దివాలా తీస్తే తప్ప వచ్చి తీరుతుంది. కాల్ ఉన్న బాండుకు మాత్రం వస్తే వస్తుంది, రాకపోతే లేదు. కంపెనీ ఏడాదికే పిలిస్తే మన చేతికి అప్పుడే 108 వచ్చి కథ ముగుస్తుంది. జెడ్-స్ప్రెడ్‌కు ఆ సంగతి పట్టదు. దాని పూర్తి పేరు జీరో వొలటాలిటీ స్ప్రెడ్. ముందుముందు రేట్లు ఈ రోజు పట్టిక సూచించిన దారినే నడుస్తాయి, పక్కకు కదలవు అన్న ఊహ మీద అది నిలబడుతుంది. రేట్లు కదలని లోకంలో కంపెనీ ఆగి చూసి నిర్ణయించుకునేది ఏమీ ఉండదు, కాబట్టి హక్కుకు విడిగా వెల కట్టే అవసరం రాదు.

జాగ్రత్తపరులు ఇక్కడ ఒక సవరణ చేస్తారు. గడువు దాకా ఉంటుందని ఒక లెక్క, ఏడాదికే పిలుస్తారని ఇంకో లెక్క వేసి, రెండింట్లో తక్కువ వచ్చినదాన్ని పట్టుకుంటారు. మన బాండును ఏడాదికే పిలుస్తారనుకుంటే 100.50 పెట్టి 108 తీసుకుంటాం. ఆ లెక్కన స్ప్రెడ్ 1.46 శాతం. గడువు దాకా ఉంటే 1.49. ఎటు జరిగినా 1.46కు తగ్గదు కదా అని నిశ్చింతగా ఉంటారు. ఈ నిశ్చింత సరికాదు. ఓఏఎస్ లెక్క వేస్తే వచ్చేది 1.00 శాతమే. 1.46, 1.49ల మధ్యే తేలాల్సిన అంకె రెండింటికంటే కిందకు ఎలా పడింది? ఈ విషయంలో గట్టిగా అర్థం చేసుకోవాల్సిన చోటు ఇదే.

రేట్లు ఒకే దారిలో నడుస్తాయన్న ఊహ వదిలేసి రెండు దారులు గీద్దాం. ఇప్పుడు ఏడాది ప్రభుత్వ రేటు 6 శాతం. ఏడాది తర్వాత అది 8 శాతానికి పెరగవచ్చు, లేదా 5 శాతానికి దిగవచ్చు. రెండు కొమ్మలకూ సగం సగం బరువు ఇస్తాం. ఈ అంకెలు ఇష్టం వచ్చినట్టు పెట్టినవి కావు. ఇదే చెట్టు మీద రెండేళ్ల ప్రభుత్వ బాండుకు ధర కడితే పైన చెప్పిన 6.24 శాతమే తిరిగి రావాలి, వస్తుంది. సగం సగం అన్నది కూడా రేపు నిజంగా ఏం జరుగుతుందన్న జోస్యం కాదు, ఈ రోజు ప్రభుత్వ బాండ్ల ధరలకు సరిపోయేలా పెట్టిన బరువు మాత్రమే.

ఇప్పుడు ప్రతి కొమ్మ మీద ఉన్న రేటుకూ ఒకే అంకె కలుపుదాం. దాన్ని s అందాం, ముందు 1 శాతంతో చూద్దాం. చివరి నుంచి వెనక్కి రావాలి. రేటు 8కి పెరిగిన కొమ్మలో, ఇంకో ఏడాదికి రావలసిన 108ని 9 శాతంతో దించితే 99.08. కంపెనీ దాన్ని 100 ఇచ్చి ఎందుకు కొంటుంది? వదిలేస్తుంది. మన చేతిలో ఉన్నది 99.08 విలువ చేసే బాండు. రేటు 5కి దిగిన కొమ్మలో 108ని 6 శాతంతో దించితే 101.89. అంత విలువైన బాకీని 100తో తీర్చేసే అవకాశం ఉంటే ఏ కంపెనీ ఊరుకుంటుంది? పిలుస్తుంది. మన చేతికి వచ్చేది 100 మాత్రమే. ఈ రెండింటి సగటుకు మొదటి ఏడాది వడ్డీ 8 కలిపి, ఇప్పటి రేటు 6కు అదే 1 శాతం కలిపి 7 శాతంతో దించాలి.

```
( (99.08 + 100)/2 + 8 ) / 1.07 = 100.51
```

మార్కెట్ ధర 100.50. ఒక్క పైసా తేడా, అంటే మనం వెతుకుతున్న s దాదాపు 1.00 శాతమే. అదే ఓఏఎస్.

ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెట్టులోనే ఉంది. "ఏడాదికే పిలుస్తారు" అన్న 1.46 లెక్కలో రెండు కొమ్మల్లోనూ మనకు 100 వచ్చేస్తుంది, బాండు 99కి పడిపోయే కొమ్మలో కూడా. "గడువు దాకా ఉంటుంది" అన్న 1.49 లెక్కలో మంచి కొమ్మలో దక్కే 101.89 మనదే. అసలు బేరంలో ఈ రెండు సుఖాల్లో ఏదీ లేదు. కంపెనీ ఏడాది ఆగి, రేట్లు ఎటు వెళ్లాయో కళ్లారా చూసి, ఆ తర్వాత నిర్ణయిస్తుంది. 100 విలువ చేయనప్పుడు బాండును మన దగ్గరే ఉంచుతుంది, 100 దాటినప్పుడు తీసేసుకుంటుంది. ఏదో ఒక తేదీని ముందే ఖాయం చేసుకుని వేసే ఏ లెక్కకూ ఈ "చూసి నిర్ణయించడం" అందదు. అది అందాలంటే దారులు కనీసం రెండైనా ఉండాలి, ప్రతి దారిలో కంపెనీ ఏం చేస్తుందో విడిగా రాయాలి. జెడ్-స్ప్రెడ్‌కూ ఓఏఎస్‌కూ ఉన్న తేడా అంతా ఇదే.

1.49లోంచి 1.00 తీసేస్తే 0.49. దీన్ని ఆప్షన్ ఖరీదు అంటారు. మనం కంపెనీకి అమ్మిన కాల్ హక్కుకు ఏటా వసూలు చేస్తున్న అద్దె లాంటిది అది. మిగిలిన 1.00 శాతం కంపెనీ ఎగ్గొట్టే ప్రమాదానికీ, కావాలనుకున్నప్పుడు బాండు వెంటనే అమ్ముడుపోని ఇబ్బందికీ ప్రతిఫలం. మామూలు బాండులో అమ్మిన హక్కేమీ లేదు కాబట్టి దాని జెడ్-స్ప్రెడ్, ఓఏఎస్ రెండూ ఒకటే, 1.20. హక్కు కొన్నవాళ్ల చేతిలో ఉండే పుట్ బాండుకు ఇదంతా తిరగబడి ఓఏఎస్ జెడ్-స్ప్రెడ్ కంటే ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే అక్కడ అద్దె కట్టేది కొన్నవాళ్లు.

ఇక మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. ఒకే కంపెనీ, ఒకే ప్రమాదం. మామూలు బాండు దానికి 1.20 ఇస్తుంటే కాల్ ఉన్నది 1.00 ఇస్తోంది. తెర మీద 0.29 ఎక్కువగా కనిపించిన బాండు నిజానికి 0.20 తక్కువ. పైసల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1.20 స్ప్రెడ్‌తో చూస్తే రేట్లు దిగిన కొమ్మలో మామూలు బాండు 101.69 దగ్గర ఉంటుంది, కాల్ ఉన్నది 100 దగ్గర ఆగిపోతుంది. మనం వదులుకునేది 1 రూపాయి 69 పైసలు. అది రెండు కొమ్మల్లో ఒకదానిలోనే కాబట్టి సగం, దాన్ని ఈ రోజు విలువకు దించితే 79 పైసలు. అంటే 79 పైసల హక్కును కంపెనీకి రాసిచ్చాం, ధరలో మనకు దొరికిన తగ్గింపు 52 పైసలు. మిగిలిన 27 పైసలు మన జేబులోంచి పోయాయి. ఈ బాండు సరైన ధర 100 రూపాయల 23 పైసలు, దానికి 100.50 అడుగుతున్నారు.

జెడ్-స్ప్రెడ్‌ను నమ్ముకుంటే వచ్చే ఇంకో పొరపాటు కాలం గడిచే కొద్దీ బయటపడుతుంది. ప్రభుత్వ రేట్లు అంతటా ఒక శాతం తగ్గాయనుకుందాం. ఇప్పటి రేటు 5, ఏడాది తర్వాత 7 లేదా 4. కంపెనీ పరిస్థితిలో మార్పేమీ లేదు, ఓఏఎస్ 1.00 దగ్గరే ఉంది. చెట్టు మీద లెక్క కడితే కాల్ ఉన్న బాండు ధర 101.89 అవుతుంది. మామూలు బాండు 101.02 నుంచి 102.86కు ఎగబాకుతుంది. అదే రేట్ల తగ్గుదల మీద ఒకదానికి 1 రూపాయి 84 పైసలు, ఇంకోదానికి 1 రూపాయి 39 పైసలు పెరిగింది. కంపెనీ 100కి తీసేసుకుంటుందని అందరికీ తెలుసు కాబట్టి దాని ధర మీద ఒక కప్పు ఉంది. ఇప్పుడు ఈ 101.89కి జెడ్-స్ప్రెడ్ కట్టి చూడండి, 1.73 వస్తుంది. నిన్న 1.49, ఈ రోజు 1.73. చూసినవాళ్లు కంపెనీ మీద మార్కెట్‌కు నమ్మకం తగ్గిందేమో, చవకగా దొరుకుతోందేమో అనుకుంటారు. నిజానికి జరిగింది ఒక్కటే, కాల్ చేసే అవకాశం బలపడి హక్కు విలువ పెరిగింది. అందుకే కాల్ ఉన్న బాండ్ల జాబితాను జెడ్-స్ప్రెడ్ వరసలో పేర్చితే పైకి తేలేవి చాలాసార్లు మంచి బేరాలు కావు, ఎక్కువ హక్కు అమ్మేసుకున్న బాండ్లు. స్ప్రెడ్ పెరగడం చూసి "చవక" అనే ముందు ఓఏఎస్ కూడా పెరిగిందా లేదా అన్నది చూడాలి.

ఇంతవరకు చదివితే ఓఏఎస్సే సత్యం, జెడ్-స్ప్రెడ్ భ్రమ అనిపించవచ్చు. అలా అనుకోవడం కూడా ప్రమాదమే. జెడ్-స్ప్రెడ్‌కు ఒక గొప్ప గుణం ఉంది. ధరా, ప్రభుత్వ రేట్ల పట్టికా ఇస్తే ఎవరు లెక్క కట్టినా 1.49 వస్తుంది. ఓఏఎస్ అలా కాదు. రేట్లు ఎంత ఊగుతాయో మనం ముందే ఒక ఊహ పెట్టాలి. మన చెట్టులో 8, 5 అని పెట్టింది ఆ ఊహే.

దాన్ని మార్చి చూద్దాం. రేట్లు ఇంకా ఎక్కువ ఊగుతాయని 9 శాతం, 4.07 శాతం పెడదాం. పై రేటు మార్చినప్పుడు కింది రేటును కూడా సరిచేయాలి, లేకపోతే రెండేళ్ల ప్రభుత్వ బాండు ధర చెడిపోతుంది. 4.07 అన్న వింత అంకె అందుకే వచ్చింది. బాండు ధర అదే 100.50. లెక్క తిరిగి వేస్తే ఓఏఎస్ 0.69కు పడిపోతుంది. ఊగిసలాట ఎక్కువైతే చూసి నిర్ణయించే హక్కు విలువ పెరుగుతుంది, ఆ మేరకు మనకు మిగిలేది తగ్గుతుంది. ఇప్పుడు ఊగిసలాట తక్కువని 7 శాతం, 5.96 శాతం పెడదాం. ఓఏఎస్ 1.32 అవుతుంది. జెడ్-స్ప్రెడ్ మూడు సందర్భాల్లోనూ 1.49 దగ్గర కదలకుండా ఉంది.

ఈ అంకెలను మామూలు బాండు 1.20 పక్కన పెట్టి చూడండి. రేట్లు బాగా ఊగుతాయనుకుంటే కాల్ ఉన్న బాండు చాలా ఖరీదు, మధ్యస్థంగా అనుకుంటే కొంచెం ఖరీదు, పెద్దగా కదలవనుకుంటే చవక. మూడు తీర్పులు, బాండు ఒకటే, ధర ఒకటే. అమ్మేవాళ్లు తక్కువ ఊగిసలాట పెట్టి ఓఏఎస్‌ను అందంగా చూపించవచ్చు, అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు. నా దృష్టిలో ఊగిసలాట అంకె పక్కన లేకుండా చెప్పిన ఓఏఎస్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. కాల్ ఉన్న బాండు కొనడమంటే రేట్లు అనుకున్నదానికంటే నిలకడగా ఉంటాయని పందెం కాయడం, కొనేవాళ్లకు ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా.

అసలు పనిలో ఈ చెట్లు ఇంత పొట్టిగా ఉండవు. గోల్డ్‌మన్ శాక్స్‌లో ఫిషర్ బ్లాక్, ఇమాన్యుయెల్ డెర్మన్, విలియమ్ టాయ్ కలిసి చేసి 1990లో ప్రచురించిన పద్ధతి ఇలాంటి చెట్టును ప్రభుత్వ రేట్లకూ ఊగిసలాటకూ సరిపోయేలా ఎలా నాటాలో చూపించింది. కాల్ ఉన్న బాండ్లకు దాన్ని ఎలా వాడాలో 1993లో కాలోటే, విలియమ్స్, ఫబోజ్జీల వ్యాసం అంచెలంచెలుగా వివరించింది. కాల్ తేదీలు ఎన్ని ఉన్నా ప్రతి తేదీ దగ్గరా ఇదే పోలిక, నిలబెట్టుకుంటే ఎంత, పిలిస్తే ఎంత అని. ఆ ఊగిసలాట అంకెను వడ్డీరేట్ల ఆప్షన్లు బాగా అమ్ముడయ్యే దేశాల్లో ఆ మార్కెట్ ధరల నుంచి తీస్తారు. మన దగ్గర ఆ మార్కెట్ పలచన కాబట్టి గడిచిన నెలల కదలికలను చూసి ఊహించడమే ఎక్కువ, అంటే తప్పుకు చోటూ ఎక్కువే.

కాల్ అన్న పేరు ఉన్నంత మాత్రాన ప్రతిచోటా ఈ బెంగ అక్కర్లేదు. అమెరికా కంపెనీ బాండ్లలో మేక్-హోల్ కాల్ అని ఒకటి తరచుగా కనిపిస్తుంది. అందులో కంపెనీ కట్టాల్సిన ధర స్థిరమైన 100 కాదు. మిగిలిన వడ్డీలూ అసలూ అన్నీ అప్పటి ప్రభుత్వ రేటుకు కొద్దిపాటి అంకె కలిపి విలువ కట్టి ఇవ్వాలి. రేట్లు దిగితే కట్టాల్సినదీ పెరుగుతుంది, కంపెనీకి లాభం మిగలదు. అలాంటి బాండుకు జెడ్-స్ప్రెడ్, ఓఏఎస్ దాదాపు ఒకటిగానే ఉంటాయి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ప్రభుత్వ రేట్లు దిగితేనే కంపెనీ పిలుస్తుందని మన చెట్టు అనుకుంది, s మాత్రం కదలకుండా 1 శాతం దగ్గరే ఉంటుందని పెట్టుకుంది. నిజంలో కంపెనీ పరిస్థితి మెరుగుపడితే దాని s తగ్గుతుంది, ప్రభుత్వ రేట్లు కదలకపోయినా పాత ఖరీదైన అప్పు తీర్చేయాలనిపిస్తుంది. తక్కువ రేటింగ్ ఉన్న కంపెనీల బాండ్లలో ఇదే ముఖ్యమైన కారణం. బ్యాంకుల శాశ్వత బాండ్లలో, అంటే ఏటీ1 బాండ్లలో, ఇది మరీ ఎక్కువ. యూరప్‌లో వాటి వడ్డీ కాల్ తేదీ తర్వాత అప్పటి మార్కెట్ రేటుకు ఒక స్థిరమైన స్ప్రెడ్ కలిపి కొత్తగా నిర్ణయమవుతుంది. అక్కడ బ్యాంకు చూసుకునేది తన కొత్త స్ప్రెడ్ పాతదాని కంటే ఎక్కువా తక్కువా అన్నదే. 2019 ఫిబ్రవరిలో స్పెయిన్ బ్యాంకు సాంటాండర్ 150 కోట్ల యూరోల ఏటీ1 బాండును మొదటి కాల్ తేదీకి పిలవకుండా వదిలేసింది. ఐదేళ్లకు డబ్బు వచ్చేస్తుందని లెక్క వేసుకున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. వడ్డీరేట్ల చెట్టు ఒక్కటే నాటి ఓఏఎస్ కట్టేవాళ్లకు అలాంటి నిర్ణయం కనపడదు, స్ప్రెడ్‌కు కూడా ఒక చెట్టు కావాలి.

మన దేశంలో ఇదే గొడవ మరో రూపంలో వచ్చింది. బ్యాంకుల ఏటీ1 బాండ్లకు గడువు లేదు, ఐదేళ్లకో ఆ తర్వాతో కాల్ ఉంటుంది, పిలవాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. మార్కెట్ మాత్రం వాటిని కాల్ తేదీకి తీరిపోయే బాండ్లుగానే చూసి ధర కడుతూ వచ్చింది. 2021 మార్చిలో సెబీ, మ్యూచువల్ ఫండ్లు ఈ బాండ్లకు విలువ కట్టేటప్పుడు గడువు జారీ తేదీ నుంచి వందేళ్లుగా తీసుకోవాలని చెప్పింది. ఫండ్ల నుంచి, ఆర్థికశాఖ నుంచి అభ్యంతరాలు రావడంతో కొద్ది రోజులకే దాన్ని దశలవారీగా అమలు చేసేలా సడలించింది. 2024 ఆగస్టులో మళ్లీ కాల్ తేదీ ఆధారంగానే విలువ కట్టమంది. ఐదేళ్లా, వందేళ్లా అన్న ఈ వాదనలో రెండు పక్షాలూ ఒక తేదీని ఖాయం చేసుకునే మాట్లాడాయి. మన చిన్న బాండులో 1.46, 1.49 అన్న రెండు లెక్కలూ చేసింది అదే, ఓఏఎస్ రెండింటికీ దిగువన 1.00 దగ్గర తేలింది.

కాబట్టి కాల్ ఉన్న బాండును ఎవరైనా స్ప్రెడ్ చూపించి అమ్మబోతే అడగాల్సినవి ఇవి. చెబుతున్నది జెడ్-స్ప్రెడ్డా, ఓఏఎస్సా? ఓఏఎస్ అయితే ఎంత ఊగిసలాట మీద, ఏ రేట్ల పట్టిక మీద కట్టారు? ఆ ఊగిసలాటను కొంచెం పెంచితే అంకె ఎంత పడుతుంది? అదే కంపెనీకి, దాదాపు అదే గడువుకు కాల్ లేని బాండు ఉంటే దాని స్ప్రెడ్ ఎంత? చివరి ప్రశ్నకు జవాబు దొరికితే మిగతావన్నీ సగం తేలినట్టే, ఎందుకంటే ఆ బాండు ధర పక్కన పెట్టుకుంటే కాల్ హక్కుకు మార్కెట్ మనకు ఎన్ని పైసలు కడుతోందో నేరుగా కనిపిస్తుంది.